బిల్లుల ఫోల్డర్ గురించి స్టాఫ్‌కి లెటర్ ఎలా రాయాలి?

ప్రశ్న: కూకట్‌పల్లిలో మాది చిన్న ఎలక్ట్రికల్ షాపు. కౌంటర్‌లో ఇద్దరు, గోడౌన్‌లో ఒకరు, డెలివరీకి ఒక అబ్బాయి ఉన్నారు. బిల్లులన్నీ గూగుల్ డ్రైవ్‌లో ఒక షేర్డ్ ఫోల్డర్‌లో పెట్టమన్నాను. ఎవరికి తోచినట్టు వాళ్లు పెడుతున్నారు, ఆడిటర్ అడిగితే సగం దొరకడం లేదు. రూల్స్ పెడుతూ ఒక లెటర్ ఇద్దామనుకుంటున్నాను. ఏం రాయాలి, ఎలా రాయాలి?

జవాబు:

లెటర్ మొదలుపెట్టే ముందు కంప్యూటర్‌లో డ్రైవ్ తెరిచి ఒక్క పని చేయండి. సెర్చ్ బాక్స్ చివర ఉన్న ఫిల్టర్ గుర్తు నొక్కి, Owner దగ్గర `Not owned by me` ఎంచుకుని, Location దగ్గర మీ బిల్లుల ఫోల్డర్ పెట్టి వెతకండి. వచ్చిన ఫైళ్లన్నీ మీ ఫోల్డర్‌లో కనిపిస్తున్నా మీవి కావు. వాటిని అప్‌లోడ్ చేసిన అబ్బాయిల సొంత జీమెయిల్ అకౌంట్లవి.

నేను హైదరాబాద్‌లో చిన్న షాపుల లెక్కలు చాలాకాలంగా చూస్తున్నాను. బిల్లులు దొరకకపోవడానికి స్టాఫ్ బద్ధకం కారణమని ఓనర్లు అనుకుంటారు. నేను చూసినంతవరకు బద్ధకం కంటే ఈ ఓనర్‌షిప్ సంగతే ఎక్కువ నష్టం చేస్తుంది. మామూలు జీమెయిల్ అకౌంట్లతో వాడే డ్రైవ్‌లో, ఫోల్డర్ ఎవరిదైనా సరే, ఫైలు మాత్రం అప్‌లోడ్ చేసినవాళ్లదే. దాని బరువు కూడా వాళ్ల 15 జీబీలోనే పడుతుంది. ఒక షాపులో సేల్స్ కుర్రాడి ఫోన్‌లో స్టోరేజ్ నిండిపోయిందని మెసేజ్ వచ్చింది. పాపం, పెద్ద ఫైళ్లు చూసుకుని తన డ్రైవ్ ఖాళీ చేసుకున్నాడు. అందులో షాపు కొనుగోలు బిల్లులు కూడా పోయాయి. ట్రాష్‌లో 30 రోజులు ఉండి, ఆ తర్వాత శాశ్వతంగా పోతాయి. ఆడిటర్ అడిగింది ఆ తర్వాతే. ఆ అబ్బాయి ఏ తప్పూ చేయలేదు, తన ఫోన్ తను శుభ్రం చేసుకున్నాడంతే.

కాబట్టి లెటర్‌లో ఎంత గట్టిగా రాసినా, సెట్టింగులు ముందు మీరు సరిచేయకపోతే లాభం లేదు. మీరు చేయాల్సిన పని మీరు చేసి, వాళ్లు చేయాల్సింది మాత్రమే లెటర్‌లో పెట్టండి.

మీ వైపు పని ఇది. షాపు పేరుతో రెండు గూగుల్ అకౌంట్లు తెరవండి. ఒకటి మీ దగ్గరే ఉండే అసలు అకౌంట్. రెండోది కౌంటర్ అకౌంట్, షాపు ఫోన్‌లో లాగిన్ అయి ఉండేది. రెండింటికీ రికవరీ నంబర్ మీదే పెట్టండి, స్టాఫ్‌లో ఎవరిదీ వద్దు. అసలు అకౌంట్‌లో `INBOX` అని ఒక ఫోల్డర్, `BILLS` అని ఇంకో ఫోల్డర్ విడివిడిగా చేయండి. ఒకదాని లోపల ఇంకొకటి పెట్టకండి, ఎందుకంటే పై ఫోల్డర్‌కి ఇచ్చిన అనుమతి లోపలి వాటన్నిటికీ దిగిపోతుంది. కౌంటర్ అకౌంట్‌కి `INBOX` మీద `Editor`, `BILLS` మీద `Viewer` ఇవ్వండి. రెండింటికీ General access దగ్గర `Restricted` ఉండాలి. `Anyone with the link` ఉంటే, ఆ లింక్ వాట్సాప్‌లో ఎక్కడికి వెళ్తే అక్కడివాళ్లందరూ మీరు ఏ సరుకు ఎంతకి కొంటున్నారో చూడగలరు. మన లైన్‌లో కొనుగోలు రేటు బయటపడడం ఎంత దూరం పోతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

స్టాఫ్ వేసే బిల్లులన్నీ `INBOX`లో పడతాయి. వారానికి ఒకసారి మీరో, లెక్కలు చూసేవాళ్లో ఆ వారం ఫైళ్లన్నీ సెలెక్ట్ చేసి డౌన్‌లోడ్ చేయండి. జిప్‌గా వస్తుంది. పేర్లు చూసి, అసలు అకౌంట్ నుంచి `BILLS`లోకి అప్‌లోడ్ చేయండి. నేరుగా మూవ్ చేయవచ్చు కదా అని అడుగుతారు. మూవ్ చేస్తే ఫోల్డర్ మారుతుంది, ఓనర్ మారడు. మీరు అప్‌లోడ్ చేసిన కాపీకి మాత్రం ఓనర్ మీరే. పైగా ఆ జిప్ మీ కంప్యూటర్‌లో రెండో కాపీగా ఉండిపోతుంది. ఇంతకుముందు స్టాఫ్ అకౌంట్ల నుంచి వేసిన పాత ఫైళ్లని కూడా ఇలాగే ఒకసారి దించి ఎక్కించండి.

ఇంకొక జాగ్రత్త. షాపు ఫోన్‌లో ఫోటోల బ్యాకప్, వాట్సాప్ బ్యాకప్ రెండూ ఆఫ్ చేయండి. రెండూ అదే 15 జీబీలోకి లెక్కవుతాయి. అది నిండితే అప్‌లోడ్లు ఆగిపోవడమే కాదు, ఆ అకౌంట్‌కి మెయిల్స్ కూడా రావు.

ఇక ఫైలు పేరు. లెటర్‌లో ఎక్కువ చోటు దీనికే ఇవ్వాలి. ఆడిటర్ మీ బిల్లులని జీఎస్టీ పోర్టల్‌లో వచ్చే జీఎస్టీఆర్-2బీతో, అంటే సప్లయర్లు మీ జీఎస్టీ నంబరు మీద చూపించిన బిల్లుల లిస్టుతో సరిచూస్తారు. నెలనెలా రిటర్న్ వేసే షాపులకి అది ప్రతి నెలా 14న తయారవుతుంది. అందులో ఆయన వెతికేది సప్లయర్, బిల్లు నంబరు, బిల్లు తేదీ, మొత్తం. ఆ నాలుగూ మీ ఫైలు పేరులోనే ఉంటే ఆయన ఫైలు తెరవాల్సిన పనే ఉండదు. `IMG_20250702` అని ఉంటే ఒక్కొక్కటీ తెరిచి చూడాలి. అంత ఓపిక ఎవరికీ ఉండదు, మిమ్మల్నే అడుగుతారు.

ఒక బిల్లు తీసుకుని చూద్దాం. రాణిగంజ్‌లో ఒక హోల్‌సేలర్ దగ్గర పది వైర్ కాయిల్స్ కొన్నారనుకోండి. కాయిల్ 2,000 చొప్పున 20,000, దాని మీద సీజీఎస్టీ 9 శాతం 1,800, ఎస్‌జీఎస్టీ 9 శాతం 1,800, మొత్తం 23,600. బిల్లు నంబరు `RG/25-26/1187`, తేదీ 28 జూన్ 2025. సరుకు మాత్రం ట్రాలీ ఆటోలో జులై 2న వచ్చింది. విప్పి చూస్తే తొమ్మిది కాయిల్సే ఉన్నాయి.

ఇక్కడే మీ కౌంటర్‌లో ఇద్దరూ రెండు రకాలుగా చేస్తారు. ఒకరు జూన్‌లో వేస్తారు, ఇంకొకరు సరుకు జులైలో వచ్చింది కదా అని జులైలో వేస్తారు. బిల్లు మీదున్న తేదీ ఏ నెలదైతే ఆ నెల ఫోల్డర్ అని ఒక్క మాటలో తేల్చేయండి. సప్లయర్ ఆ బిల్లుని జూన్ లెక్కలోనే చూపిస్తాడు, అది జూన్ 2బీలోనే వస్తుంది. కానీ సరుకు చేతికి అందకుండా దాని మీద ట్యాక్స్ క్రెడిట్ తీసుకోకూడదు కాబట్టి, సరుకు ఎప్పుడు వచ్చిందన్నది కూడా ఆడిటర్‌కి కావాలి. అందుకే స్కాన్ చేసే ముందు బిల్లు మీద పెన్నుతో రాయించాలి: వచ్చింది 02-07-2025, 9 కాయిల్స్, సంతకం. ఆ రాత కూడా స్కాన్‌లో పడుతుంది. ఫైలు పేరు ఇలా ఉంటుంది:

```
2025-06-28_RGE_RG-25-26-1187_23600.pdf
```

తేదీలో సంవత్సరం ముందుంటే ఫైళ్లు వాటంతటవే వరుసలో నిలబడతాయి. `RGE` అన్నది ఆ సప్లయర్‌కి మీరు పెట్టిన పొట్టి పేరు. ఆ లిస్టు ప్రింట్ తీసి కౌంటర్ దగ్గర అంటించండి. లేకపోతే ఒకే సప్లయర్‌ని తలా ఒక స్పెల్లింగ్‌తో రాస్తారు. బిల్లు నంబరులో ఏటవాలు గీత ఉన్నచోట ఫైలు పేరులో అడ్డగీత పెట్టాలి, విండోస్‌లో `/` ఉన్న పేరుతో ఫైలు సేవ్ కాదు.

తక్కువ వచ్చిన కాయిల్ సంగతి. సప్లయర్‌కి ఫోన్ చేస్తే సాధారణంగా అదే నంబరుతో సరిచేసిన ఇంకో బిల్లు వాట్సాప్‌లో పంపేస్తాడు. స్టాఫ్ పాతది తీసేసి కొత్తది పెడతారు. అతను పాత మొత్తంతోనే రిటర్న్ వేసి ఉంటే 2బీలో 23,600 కనిపిస్తుంది, మీ ఫోల్డర్‌లో 21,240 ఉంటుంది. ఎందుకు తేడా వచ్చిందో చెప్పే కాగితమే మిగలదు. సరైన దారి క్రెడిట్ నోట్. 2,000 ప్లస్ ట్యాక్స్ 360, మొత్తం 2,360కి క్రెడిట్ నోట్ అడగండి. అది జులై 5 తేదీతో వస్తే జులై ఫోల్డర్‌లోకి వెళ్తుంది, పేరు చివర అసలు బిల్లు నంబరు ఉంటుంది:

```
2025-07-05_RGE_CN-214_2360_for-1187.pdf
```

ఇప్పుడు 3,600 ట్యాక్స్‌లో 360 పోగా మీకు వచ్చేది 3,240 అని రెండు ఫైళ్ల పేర్లు చూసే చెప్పొచ్చు.

అన్నిటికంటే ముందు గోడౌన్‌లో బిల్లు తీసుకునే మనిషికి ఒక అలవాటు చేయించాలి. మన హోల్‌సేల్ బజార్లలో ఎస్టిమేట్ స్లిప్ మీదే సరుకు పంపేయడం మామూలు. దాన్ని ఎంత బాగా స్కాన్ చేసినా ట్యాక్స్ క్రెడిట్ రాదు. కాగితం మీద టాక్స్ ఇన్వాయిస్ అని ఉందా, మన షాపు జీఎస్టీ నంబరు పూర్తిగా ఉందా అని ఆటో వెళ్లిపోకముందే చూడాలి. తెలంగాణ నంబరు 36తో మొదలవుతుంది, మొత్తం 15 అక్షరాలు. ఒక్క అక్షరం తప్పినా ఆ బిల్లు మన 2బీలో కనపడదు. ఆ సమయంలో పట్టుకుంటే ఒక ఫోన్ కాల్‌తో పోతుంది. ఆలస్యమైతే, 2025-26 బిల్లుల మీద క్రెడిట్ తీసుకోవడానికి 2026 నవంబర్ 30 ఆఖరు, ఆలోపే వార్షిక రిటర్న్ వేసేస్తే ఆ రోజే ఆఖరు.

ఇక లెటర్. నేనైతే ఇలా రాస్తాను, మీ షాపుకి తగ్గట్టు మార్చుకోండి.

---

మన షాపులో పనిచేసే అందరికీ,

బిల్లులు దాచే పద్ధతి వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి మారుస్తున్నాను. ఇప్పటిదాకా పద్ధతి ఏమిటో నేను సరిగ్గా చెప్పలేదు కాబట్టి పాత బిల్లుల గురించి ఎవరినీ అడగను. ఇక మీదట మాత్రం అందరం ఒకేలా చేద్దాం.

సరుకు దిగగానే, తెచ్చినవాళ్లు వెళ్లకముందే, గోడౌన్‌లో ఉన్నవాళ్లు బిల్లు చూడాలి. పైన టాక్స్ ఇన్వాయిస్ అని ఉండాలి. మన జీఎస్టీ నంబరు గోడ మీద అంటించిన దానితో అక్షరం అక్షరం కలవాలి. ఎస్టిమేట్ స్లిప్ వస్తే సరుకు దించుకోండి, కానీ వెంటనే నాకు ఫోన్ చేయండి. సరుకు లెక్కపెట్టి, వచ్చిన తేదీ, ఎన్ని వచ్చాయి అన్నది బిల్లు మీద పెన్నుతో రాసి సంతకం పెట్టండి. తక్కువ వచ్చినా, పగిలి వచ్చినా అక్కడే రాయండి.

ఆ రోజు బిల్లు ఆ రోజే స్కాన్ కావాలి, షట్టర్ దించే లోపు. షాపు ఫోన్‌తోనే చేయాలి. మీ సొంత ఫోన్ నుంచి వద్దు. మీ మీద నమ్మకం లేక కాదు. మీ ఫోన్ నుంచి వేస్తే ఆ ఫైలు మీ అకౌంట్‌దవుతుంది, మీ స్టోరేజ్ తింటుంది, మీరు మీ ఫోన్ ఖాళీ చేసుకుంటే షాపు బిల్లు పోతుంది. డ్రైవ్ యాప్‌లో ఉన్న స్కాన్‌తో తీయండి, మామూలు కెమెరా ఫోటో వద్దు. రెండు పేజీల బిల్లు రెండు పేజీలూ ఒకే ఫైలులో ఉండాలి. నాలుగు మూలలూ కనిపించాలి. బయట ఉన్నప్పుడు సప్లయర్ మీ వాట్సాప్‌కి బిల్లు పంపితే షాపు నంబరుకి ఫార్వర్డ్ చేయండి, కౌంటర్‌లో ఉన్నవాళ్లు వేస్తారు.

ఫైలు పేరు ఎప్పుడూ ఈ వరుసలోనే: బిల్లు తేదీ, సప్లయర్ పొట్టి పేరు, బిల్లు నంబరు, మొత్తం. ఉదాహరణ కౌంటర్ దగ్గర అంటించాను. తేదీ అంటే బిల్లు మీద ఉన్న తేదీ, సరుకు వచ్చిన తేదీ కాదు. మొత్తంలో పైసలు వదిలేయండి. కొత్త సప్లయర్ అయితే పొట్టి పేరు మీరు పెట్టకండి, నన్ను అడగండి. పేరు ఎలా పెట్టాలో తెలియనప్పుడు ముందు `ASK_` అని పెట్టి అప్‌లోడ్ చేసేయండి. పేరు తేలలేదని బిల్లు ఆపడం మాత్రం వద్దు.

ఫైళ్లన్నీ `INBOX`లో వేయండి. `BILLS` ఫోల్డర్ మీరు తెరిచి చూడొచ్చు, అందులో మార్చడం, సర్దడం నా పని. ఒకసారి వేసిన ఫైలు తీసేయొద్దు, దాని మీద ఇంకోటి వేయొద్దు. సప్లయర్ సరిచేసిన బిల్లు పంపితే అదే పేరు చివర `_REV1` అని పెట్టి విడిగా వేసి నాకు చెప్పండి. పొరపాటున తీసేసినా భయపడకండి, ఆ రోజే చెప్తే ట్రాష్ నుంచి వెనక్కి తేవచ్చు. 30 రోజులు దాటితే నా వల్ల కూడా కాదు.

మనం కస్టమర్లకి ఇచ్చే బిల్లుల్లో క్యాన్సిల్ అయినవి చింపేయొద్దు. వాటి నంబర్లు కూడా ప్రభుత్వానికి లెక్క చెప్పాలి. పేరు చివర `_CANCELLED` అని పెట్టి వేయండి.

ఫోల్డర్ లింక్ గానీ, కొనుగోలు బిల్లు ఫోటో గానీ బయటివాళ్లకి పంపొద్దు. ఆడిటర్ ఆఫీసు నుంచి అడిగినా నాకు చెప్పండి, నేనే పంపుతాను.

స్కాన్ అయ్యాక కాగితం బిల్లు మీద ఒక టిక్ పెట్టి, ఆ నెల బాక్స్ ఫైలులో పెట్టండి. పారేయొద్దు.

ఎవరైనా పని మానేసే రోజున షాపు ఫోన్ పాస్‌వర్డ్ మారుస్తాను. అది అందరికీ ఒకటే పద్ధతి, ఎవరూ వేరేగా అనుకోవద్దు.

సంతకం
తేదీ

---

ఈ లెటర్‌లో జరిమానా మాట లేకపోవడం గమనించే ఉంటారు. బిల్లు పోతే జీతంలో కోస్తానని రాయాలని చాలామంది ఓనర్లకి ఉంటుంది. దయచేసి రాయకండి. పొరపాటున డిలీట్ చేసినవాడు ఆ రోజే చెప్తే ఫైలు వెనక్కి వస్తుంది, భయపడి దాచిపెడితే రాదు. మనకి కావలసింది ఆ 30 రోజుల్లోపు నోరు విప్పే మనిషి.

కాగితం బిల్లుల గురించి ఒక మాట. నల్ల అక్షరాలతో నున్నగా ఉండే థర్మల్ పేపర్ బిల్లులు ఎండకి, వేడికి వెలిసిపోతాయి. కొన్ని నెలల్లో తెల్ల కాగితమే మిగులుతుంది. వాటికి మీ స్కానే ఆధారం, అందుకే ఆ రోజే అన్నాను. బిల్లులు ఎంతకాలం దాచాలంటే, జీఎస్టీ చట్టం ప్రకారం ఆ సంవత్సరపు వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు. 2025-26 బిల్లులకి ఆ గడువు 2026 డిసెంబర్ 31, కాబట్టి 2032 డిసెంబర్ 31 దాకా ఆ ఫోల్డర్ ముట్టుకోకూడదు. కేసు గానీ అప్పీల్ గానీ నడుస్తుంటే ఇంకా ఎక్కువ ఉంచాలి. అందుకే `BILLS` లోపల ముందు `FY2025-26`, దాని లోపల `2025-04` నుంచి `2026-03` దాకా పన్నెండు ఫోల్డర్లు మీరే ముందుగా చేసి పెట్టండి. సంవత్సరం మధ్యలో ఎవరో ఒకరు జూలై అని, జులై అని రెండు చేసేస్తే మళ్లీ అదే టెన్షన్.

లెటర్ గోడకి అంటించి వదిలేయొద్దు. హైదరాబాద్ షాపుల్లో తెలుగు చదవలేని కుర్రాళ్లు ఉంటారు, హిందీయో ఉర్దూయో మాట్లాడేవాళ్లు. అందరినీ కూర్చోబెట్టి చదివి వినిపించి, ఒక అసలు బిల్లు చేతికిచ్చి ఒక్కొక్కరితో షాపు ఫోన్‌లో స్కాన్ చేయించి పేరు పెట్టించండి. ఎక్కడ ఆగిపోతున్నారో అప్పుడే తెలుస్తుంది. ఎక్కువగా తేదీ వరుస దగ్గరే ఆగుతారు, రోజు ముందు రాసే అలవాటు కదా.

మొదటి రెండు నెలలు మీరు చూసుకోవాల్సింది రెండే. వారానికోసారి `Not owned by me` వెతికి, `BILLS`లో అలాంటి ఫైలు ఒక్కటి కూడా లేదని చూడండి. 14 తర్వాత 2బీ దింపి దాని పక్కన నెల ఫోల్డర్ పెట్టుకోండి. 2బీలో ఉండి ఫోల్డర్‌లో లేని బిల్లు అంటే షాపులో ఎవరో స్కాన్ చేయలేదు, లేదా మీ దాకా సరుకే రాలేదు. ఫోల్డర్‌లో ఉండి 2బీలో లేని బిల్లు అంటే సప్లయర్ రిటర్న్ వేయలేదు, లేదా మన నంబరు తప్పు కొట్టాడు. మొదటిదానికి మీ స్టాఫ్‌ని అడగండి, రెండోదానికి సప్లయర్‌ని అడగండి. రెండోదానికి ఫైలు పేరు సరిగ్గా పెట్టిన అబ్బాయిని తిట్టే ఓనర్లని చూశాను, అది అన్యాయం.